ఇంగ్లీషు వీడియో నిడివిలో తెలుగు మాట పట్టాలంటే

పర్లాకిమిడిలో ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో ఒడియా, సంత రోజున కొండల మీంచి దిగివచ్చేవాళ్ల నోట సవర వినిపిస్తాయి. ఊరు దాటి కాస్త ముందుకెళితే ఆంధ్రలోని పాతపట్నం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు కలిసింది. 1992లో గజపతి జిల్లా ఏర్పడి, దానికి ఇదే కేంద్రమయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న తరాలు ఇక్కడ ఉన్నాయి. తెలుగులో చెబితే చక్కగా అర్థమవుతుంది కానీ తెలుగు అక్షరాలు చదవడం రానివాళ్లు చాలామంది. అందుకే ఇలాంటి చోట ఆరోగ్యం గురించి, వ్యవసాయం గురించి ఇంగ్లీషులో తయారైన వీడియోకు కింద తెలుగు అక్షరాలు వేస్తే సరిపోదు, తెలుగు గొంతు పెట్టాల్సిందే.

గొంతు పెట్టేటప్పుడు మొదట వచ్చే చిక్కు నిడివి. బొమ్మలు ఇంగ్లీషు మాటల లెక్క ప్రకారం కదులుతుంటాయి. ఇంగ్లీషాయన నాలుగు సెకన్లలో ముగించిన వాక్యం తెలుగులో ఐదు సెకన్లు పడుతుంది. ఆ ఒక్క సెకను తర్వాతి వాక్యం మీద పడుతుంది, అది ఆ తర్వాతి దాని మీద పడుతుంది. వీడియో సగానికి వచ్చేసరికి గొంతు నీళ్ల గురించి చెబుతుంటే తెర మీద మాత్రలు కనబడుతుంటాయి. దీన్ని రికార్డింగ్ గదిలో సర్దలేం. స్క్రిప్టు రాసే బల్ల దగ్గరే తేల్చుకోవాలి.

దీనికి ఓఆర్ఎస్ వీడియోను ఉదాహరణగా తీసుకుందాం. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్ కలిపి పట్టడం, జింక్ మాత్ర వేయడం చూపించే చిన్న బొమ్మల వీడియో అది. అందులోంచి నాలుగు వాక్యాలు చాలు. మొదటిది: "పోర్ వన్ లీటర్ ఆఫ్ క్లీన్ వాటర్ ఇంటూ ఎ క్లీన్ కంటైనర్." రెండోది ప్యాకెట్ మొత్తం నీళ్లలో వేసి పొడి పూర్తిగా కరిగేదాకా కలపమనేది. మూడోది బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ ఇంకా మెల్లగా ఇవ్వమనేది. నాలుగోది 20 మిల్లీగ్రాముల జింక్ మాత్ర రోజుకొకటి చొప్పున 10 నుంచి 14 రోజులు వేయమనేది. ఈ నాలుగో మాట ఆరు నెలలు దాటిన పిల్లలకు మాత్రమే. అంతకంటే చిన్నవాళ్లకు మోతాదు 10 మిల్లీగ్రాములు.

ఇంగ్లీషు వాయిస్ ఓవర్ రాసేవాళ్లు పదాలు లెక్కపెడతారు. నిమిషానికి సుమారు 150 పదాలన్నది వాళ్ల మామూలు లెక్క. మన నాలుగు వాక్యాల్లో ఇంగ్లీషు పదాలు వరుసగా 10, 14, 14, 13, అంటే మొత్తం 51. ఆ లెక్కన 20.4 సెకన్లు. ఇప్పుడు వీటిని బడి పుస్తకం పద్ధతిలో తెలుగు చేద్దాం.

"శుభ్రమైన ఒక పాత్రలోనికి ఒక లీటరు శుభ్రమైన నీటిని పోయవలెను."

"ప్యాకెట్‌లోని మొత్తం పొడిని నీటిలో వేసి, ఆ పొడి పూర్తిగా కరిగిపోయే వరకు కలుపుతూ ఉండండి."

"ఒకవేళ బిడ్డ వాంతి చేసుకున్నట్లయితే, పది నిమిషాల పాటు వేచి ఉండి, ఆ తర్వాత మళ్లీ మరింత నెమ్మదిగా ఇవ్వండి."

"ఇరవై మిల్లీగ్రాముల జింక్ మాత్ర రోజుకొకటి చొప్పున పది నుంచి పద్నాలుగు రోజులు వేయండి."

పదాలు లెక్కపెడితే 46 వచ్చాయి. ఇంగ్లీషు కంటే ఐదు తక్కువ. ఇది చూసి చాలామంది నిశ్చింతగా మైకు ముందు కూర్చుంటారు, తీరా చదివితే పట్టదు. తెలుగు పదం తనతోపాటు విభక్తిని, ప్రత్యయాన్ని, క్రియాపదపు తోకను మోసుకొస్తుంది. ఇంగ్లీషులో 'ఇఫ్', 'వామిట్స్' అని రెండు ముక్కలుగా ఉన్నది ఇక్కడ 'చేసుకున్నట్లయితే' అనే ఒకే పదంలోకి చేరి ఏడు అక్షరాలు పలికిస్తోంది. ఇంగ్లీషు పదానికి చాలాసార్లు ఒకటో రెండో అక్షరాలే ఉంటాయి. కాబట్టి పదాల లెక్క తెలుగుకు పనికిరాదు. పలికే అక్షరాలు లెక్కపెట్టాలి.

పలికే అక్షరమంటే ఒక అచ్చు పలుకు. 'స్త్రీ' ఒక్కటే, 'భ్ర' ఒక్కటే. పొల్లుతో ముగిసే హల్లు ముందు అక్షరంలో కలిసిపోతుంది, కాబట్టి 'జింక్' కూడా ఒక్కటే. సున్నాకు విడిగా లెక్క లేదు. ఈ పద్ధతిలో ఆ నాలుగు వాక్యాలకు వరుసగా 28, 35, 43, 33, మొత్తం 139 అక్షరాలు వచ్చాయి. గాభరా లేకుండా, వినేవాళ్లకు అందేలా చదివే గొంతు సెకనుకు ఐదు నుంచి ఆరు అక్షరాలు పలుకుతుంది. ఐదున్నర చొప్పున లెక్కేస్తే 25.3 సెకన్లు. ఉన్నవి 20.4. దాదాపు ఐదు సెకన్లు ఎక్కువైంది, అందులో ఊపిరి తీసుకునే సమయం ఇంకా కలపనే లేదు.

పెద్ద స్క్రిప్టుకు ఇదంతా వేళ్ల మీద లెక్కించడం కష్టం. తెలుగు లిపి తీరు వల్ల దీనికో తేలిక దారి ఉంది. కంప్యూటర్‌లో హల్లులను, విడి అచ్చులను లెక్కపెట్టి, అందులోంచి పొల్లు గుర్తులను తీసేస్తే పలికే అక్షరాల సంఖ్య వస్తుంది. ఒత్తు కింద కూడా లోపల ఒక పొల్లు గుర్తు ఉంటుంది కాబట్టి సంయుక్తాక్షరాలు సరిగ్గానే లెక్కకొస్తాయి. పైథాన్‌లో రాస్తే ఇలా ఉంటుంది:

```python
import re
s = open("script.txt", encoding="utf-8").read()
n = len(re.findall("[\u0C05-\u0C39]", s)) - s.count("\u0C4D")
print(n, round(n / 5.5, 1))
```

మొదటి అంకె అక్షరాలు, రెండోది సెకన్లు. ఒక జాగ్రత్త తీసుకోవాలి. అంకెలను ఇది లెక్కపెట్టదు కాబట్టి స్క్రిప్టులో ప్రతి అంకెనూ నోటితో పలికినట్టే అక్షరాల్లో రాయాలి. రాసే అంకెకూ పలికే అంకెకూ ఉన్న తేడా తెలుగులో మరీ ఎక్కువ. 1992 అన్నది కాగితం మీద నాలుగు గుర్తులే. ఇంగ్లీషు నోట 'నైన్టీన్ నైంటీ టూ' అని ఐదు పలుకుల్లో అయిపోతుంది. తెలుగులో 'పంతొమ్మిది వందల తొంభై రెండు' అంటే పదకొండు. అంకెలు నిండిన స్క్రిప్టు పేజీ మీద పొట్టిగా కనబడి నోట్లో పొడుగవుతుంది.

ఐదున్నర అన్న అంకెను కూడా కళ్లు మూసుకుని తీసుకోకూడదు. గొంతు ఇచ్చేవారి చేత మూడు వందల అక్షరాలున్న ఏదైనా ఒక పేరా మామూలుగా చదివించి, ఫోనులో సమయం చూసి భాగిస్తే వారి వేగం తెలుస్తుంది. అది ఆరున్నర వచ్చినా సంబరపడనక్కర్లేదు, ఎందుకంటే వినేవాళ్లెవరన్నది అంతకంటే ముఖ్యం. పర్లాకిమిడి బజారులో తెలుగు ఇంటి మనిషి ఆరు అక్షరాల వేగాన్ని తేలికగా అందుకుంటారు. అదే వీడియో కొండ మీద ఊళ్లో వేస్తే, ఇంట్లో సవర మాట్లాడుతూ సంతలో తెలుగు నేర్చుకున్న తల్లి వింటుంది. పైగా చిన్న స్పీకరు, చుట్టూ పిల్లల సందడి. అక్కడికి ఐదు మించకూడదు. వినే చోటును బట్టి ఈ అంకెను మొదటే ఖాయం చేసుకుని, ఆ తర్వాతే స్క్రిప్టు మొదలుపెట్టాలి. మధ్యలో మార్చితే రాసిందంతా మళ్లీ రాయాల్సి వస్తుంది.

అక్షరాల లెక్కకూ ఒక హద్దుంది. పద్యం చదువుకున్నవాళ్లకు లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలని తెలుసు. 'అడుగున నిలిచిన' అంటే ఎనిమిది అక్షరాలు, అన్నీ లఘువులే, ఎనిమిది మాత్రలు. 'నీళ్లు పూర్తిగా చల్లార్చి' అన్నా ఎనిమిది అక్షరాలే, కానీ పదమూడు మాత్రలు. మామూలు మాటలో గురువు సరిగ్గా రెట్టింపు సమయం తీసుకోదు, అయినా రెండోది నోట్లో బరువుగా, ఆలస్యంగా కదులుతుందని ఒక్కసారి చదివితే తెలిసిపోతుంది. కాబట్టి లెక్కకు సరిపోయిన వాక్యం గొంతులో పట్టకపోతే అందులో దీర్ఘాలు, ద్విత్వాలు ఎన్ని ఉన్నాయో చూడాలి. చాలా వాక్యాల్లో ఇవి సగటున సర్దుకుంటాయి. ప్రతి వాక్యానికీ మాత్రలు కట్టనక్కర్లేదు.

ఇప్పుడు కుదించడం. ఇక్కడ చాలామంది విషయాన్ని కోస్తారు. అది తప్పు. ముందు కోయాల్సింది వాక్యానికి అంటుకున్న పుస్తకపు భాషను. పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేసిన గిడుగు రామమూర్తి, చదువులో జనం మాట్లాడే తెలుగే వాడాలని జీవితమంతా వాదించారు. ఆయన వాదన వేరే కారణాల కోసం కావచ్చు, కానీ స్టాప్‌వాచీ పట్టుకున్నవాళ్లకు అది సెకన్లలో కనబడుతుంది. 'పోయవలెను' ఐదు అక్షరాలు, 'పోయండి' మూడు. 'పాత్రలోనికి' ఐదు, 'గిన్నెలో' మూడు. 'వేచి ఉండి' నాలుగు, 'ఆగి' రెండు. నోటి భాషకు రాగానే వాక్యం తనంతట తానే తగ్గుతుంది, అర్థం ఏమీ పోదు.

మొదటి వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. దానికి ఉన్నది నాలుగు సెకన్లు, పుస్తకపు రూపానికి 5.1 కావాలి. 'ఒక' అన్నది రెండుసార్లు వచ్చింది. ఇంగ్లీషు 'ఎ'ను, 'వన్'ను వదల్లేక పెట్టినవి అవి. తెలుగులో 'లీటరు' అంటే ఒక లీటరే. 'శుభ్రమైన' కూడా రెండుసార్లుంది. గిన్నెకు ఆ మాట కావాలి. నీళ్లకు 'మంచినీళ్లు' అన్న సొంత మాట ఉంది, తాగడానికి పనికొచ్చే నీళ్లనే అర్థం అందులోనే ఉంది. అలా చేస్తే "శుభ్రమైన గిన్నెలో లీటరు మంచినీళ్లు పోయండి" అని పదిహేడు అక్షరాలు, 3.1 సెకన్లు. 'లీటరు' మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. ఆ ప్యాకెట్ అరలీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం, రెండు లీటర్లలో కలిపితే పనిచేయాల్సినంత పనిచేయదు.

నిడివి కుదిరింది, కానీ పని అయిపోలేదు. తెర మీద ముందు నీళ్ల సీసా, దాని పక్కన లీటరు అన్న గుర్తు వస్తాయి. తర్వాత గిన్నె, ఆ తర్వాత నీళ్లు పోయడం. ఇంగ్లీషులో 'పోర్' మొదటి మాట, మన 'పోయండి' చివరి మాట. క్రియ చివరికి రావడం తెలుగు సహజం, దాన్ని ముందుకు లాగితే వాక్యం కృతకమవుతుంది. అయితే క్రియకు ముందున్న మాటలను అటూ ఇటూ జరపడానికి తెలుగులో చాలా వెసులుబాటుంది. "లీటరు మంచినీళ్లు శుభ్రమైన గిన్నెలో పోయండి" అంటే అవే పదిహేడు అక్షరాలు. 'లీటరు' గుర్తుతో పాటు వినబడుతుంది, గిన్నె రాగానే 'గిన్నె' వస్తుంది, రెండున్నర సెకన్ల దగ్గర 'పోయండి' అనగానే ధార పడుతుంది. బొమ్మలతో కలిపి చూస్తే ఇంగ్లీషు కంటే ఇదే బాగా అతికింది. టైమ్‌కోడ్‌తో ఇది ఇలా ఉంటుంది:

```
7
00:00:31,200 --> 00:00:35,200
లీటరు మంచినీళ్లు శుభ్రమైన గిన్నెలో పోయండి
```

స్క్రిప్టును మొదటినుంచీ ఇలాంటి సబ్‌టైటిల్ ఫైలు రూపంలో రాయడం మంచిది. ప్రతి ముక్కకూ ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పటికి ఆగాలి అన్నది కళ్ల ముందుంటుంది, ఒక ముక్క తప్పు రెండో ముక్కలోకి పాకదు. ఏ ముక్కలో బొమ్మ మాట కోసం ఖచ్చితంగా ఎదురుచూస్తుందో, ఏ ముక్కలో ఊరికే కదులుతుందో కూడా ముందే గుర్తు పెట్టుకోవాలి. అంకె, వస్తువు పేరు, చేతి పని కనబడే చోట అరసెకనుకు మించి తేడా రాకూడదు. ఊరూ ఇల్లూ చూపించే చోట సెకనున్నర తేడా వచ్చినా ఎవరికీ తెలియదు. ఈ రెండో రకం చోట్లే తర్వాత అప్పు తీసుకోవడానికి పనికొస్తాయి.

రెండో వాక్యం సులువుగానే దిగింది: "ప్యాకెట్ మొత్తం అందులో వేసి, పొడి పూర్తిగా కరిగేదాకా కలపండి." ఇరవై మూడు అక్షరాలు, 4.2 సెకన్లు, ఉన్నవి 5.6. ఇక్కడ 'మొత్తం', 'పూర్తిగా' రెండూ పైకి అలంకారంలా కనిపించినా రెండూ సూచనలే కాబట్టి ఉంచాలి. మిగిలిన 1.4 సెకన్లను సాగదీసి చదివి నింపకూడదు, కలుపుతున్న గరిటె చప్పుడుకు వదిలేయవచ్చు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. దుకాణాల్లో 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. వీడియోలోది లీటరు ప్యాకెట్. వీడియో హక్కుదారు ఒప్పుకుంటే "లీటరు ప్యాకెట్ మొత్తం" అని మూడు అక్షరాలు కలపడానికి చోటుంది. మిగిల్చిన సెకను ఇలాంటి చోట ఖర్చుపెడితే అది వృథా కాదు.

మూడో వాక్యం అన్నిటికంటే పొడుగు, 43 అక్షరాలు, 7.8 సెకన్లు. 'ఒకవేళ' అక్కర్లేదు, 'ఇతే'లోనే ఆ అర్థముంది. 'పాటు' అక్కర్లేదు. 'ఆ తర్వాత' అక్కర్లేదు, 'ఆగి' అనగానే వరుస తెలుస్తుంది. 'ఇవ్వండి' బదులు 'పట్టండి' అనాలి. పిల్లలకు పాలైనా మందైనా తాగించడాన్ని తెలుగు తల్లులు పట్టడమనే అంటారు. అక్షరాలు కలిసిరాకపోయినా ఆ మాట మార్చాల్సిందే, ఎందుకంటే చేతిలో బిడ్డ, చెంచా కళ్ల ముందు కదులుతాయి. ఇలా అవుతుంది: "బిడ్డ కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్లీ ఇంకా మెల్లగా పట్టండి." ఇరవై మూడు అక్షరాలు, 4.2 సెకన్లు. 'ఇంకా' తీసేస్తే మరో రెండు అక్షరాలు తగ్గుతాయి, కానీ అప్పుడు ముందటిలాగే పట్టమన్నట్టు అవుతుంది. 5.6 సెకన్లు చేతిలో ఉన్నప్పుడు ఆ రెండక్షరాల కోసం అర్థాన్ని వదులుకోవడం ఎందుకు? 'కక్కితే' మోటుగా ఉందని ఎవరైనా అంటే 'వాంతి చేసుకుంటే' అని పెట్టినా ఇరవై ఆరు అక్షరాలు, 4.7 సెకన్లే. చోటుంది.

నాలుగో వాక్యం మొండిది. అందులో అన్నీ అంకెలు, కొలతలు, మందు పేరు. ముప్పై మూడు అక్షరాల్లోంచి 'చొప్పున' ఒక్కటే తీయగలం. 'రోజుకొకటి'లో ఆ అర్థం వచ్చేసింది. మిగిలింది ముప్పై: "ఇరవై మిల్లీగ్రాముల జింక్ మాత్ర రోజుకొకటి, పది నుంచి పద్నాలుగు రోజులు వేయండి." ఐదున్నర చొప్పున ఇది 5.5 సెకన్లు, ఉన్నవి 5.2. కానీ మోతాదును అదే వేగంతో చదవకూడదు, విన్నవాళ్లు మనసులో పెట్టుకోవాలి. సెకనుకు ఐదుకు తగ్గిస్తే ఆరు సెకన్లు కావాలి. 0.8 సెకను తక్కువ పడింది.

ఇలాంటి చోట కొందరు అంకెను తీసేసి "జింక్ మాత్ర రోజూ వేయండి" అంటారు, అంకెలు తెర మీద ఉన్నాయి కదా అని. తెర చదవలేనివాళ్ల కోసమే గొంతు పెడుతున్నామన్న సంగతి అక్కడ మరిచిపోతున్నారు. వాక్యాన్ని ముట్టుకోకుండా సమయాన్ని అప్పు తేవాలి. ఈ వీడియోలో మూడో వాక్యం 63.6 సెకన్ల దగ్గర అయిపోతుంది, మాత్రల స్ట్రిప్ 66.0 దగ్గర వస్తుంది, మధ్యలో తల్లీబిడ్డల బొమ్మ మీద సంగీతం. నాలుగో వాక్యాన్ని 65.2 దగ్గరే మొదలుపెడితే సరిపోతుంది. 'ఇరవై మిల్లీగ్రాముల' అన్న ఎనిమిది అక్షరాలు 1.6 సెకన్లు పడతాయి, 'జింక్ మాత్ర' అనేసరికి 66.8. అప్పటికి మాత్ర తెర మీద ఉంటుంది. తెలుగులో విశేషణాలు ముందు, వస్తువు పేరు తర్వాత వస్తాయి కాబట్టి అప్పు ఎప్పుడూ వాక్యానికి ముందునుంచి తేవడం మేలు. వెనక నుంచి తెస్తే క్రియాపదం తర్వాతి బొమ్మ మీద పడుతుంది.

నాలుగూ కలిపితే 93 అక్షరాలు, మోతాదు వాక్యపు నెమ్మది వేగంతో సహా 17.5 సెకన్లు. 20.4లో 2.9 సెకన్లు ఊపిరికి, విరామానికి మిగిలాయి. కామా దగ్గర సెకనులో మూడోవంతు, వాక్యం చివర అరసెకను పైచిలుకు వదిలితే వినడానికి హాయిగా ఉంటుంది. ఈ లెక్కంతా స్క్రిప్టు రాసేటప్పుడే వేసుకోవాలంటే, ప్రతి ముక్కకున్న సెకన్లలో పదోవంతు మొదటే పక్కన పెట్టి మిగతాదానికే అక్షరాలు కేటాయించాలి.

కుదించే అవకాశం కనబడినప్పుడల్లా వాడుకోకూడదు. కలిపిన ఓఆర్ఎస్‌ను 24 గంటలు దాటితే పారబోయమని వీడియోలో మరో వాక్యముంది. "ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయండి" అంటే పదిహేడు అక్షరాలు. "ఒక రోజు దాటితే పారబోయండి" అంటే పన్నెండు. దాదాపు ఒక సెకను ఆదా. కానీ ఉదయం కలిపినవాళ్లకు రోజంటే పొద్దుగూకేదాకానా, మర్నాటి ఉదయందాకానా అన్న అనుమానం వస్తుంది. చోటుంటే పొడుగుదే వాడాలి.

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. ఒకే బృందం ఒడియా, తెలుగు రెండూ చేస్తుంటే ఒడియా స్క్రిప్టు ముందు తయారై, తెలుగుది దాన్ని చూసి రాసేస్తారు. రెండు భాషల్లోనూ సంస్కృత పదాలు చాలా ఉన్నందున అది తేలికే. కానీ ఒడియాలో 'పరిష్కార పాణి' అంటే శుభ్రమైన నీళ్లు. తెలుగులో పరిష్కారమంటే సమస్య తీరడం. రెండు భాషలూ రోజూ మాట్లాడేవాళ్ల చేతికి ఈ తేడా అంత త్వరగా తగలదు, అందుకే జారిపోతుంది. పైగా అక్కడి పొడవైన సమాసాలు ఇక్కడ పొడవుగానే ఉంటాయి, నిడివి మళ్లీ మొదటికి వస్తుంది. తెలుగు స్క్రిప్టును ఇంగ్లీషు మూలాన్ని, బొమ్మలను చూస్తూ విడిగా రాయడమే మంచిది. మాటలు మాత్రం ఆ ప్రాంతపువే ఉండాలి. అక్కడి తెలుగు శ్రీకాకుళం వైపు మాటకు దగ్గర, హైదరాబాదు టీవీ భాష వాళ్లకు కాస్త దూరంగా వినిపిస్తుంది.

రాసిన స్క్రిప్టును రికార్డింగుకు ముందు ఒకసారి వీడియో శబ్దం ఆపేసి, బొమ్మ చూస్తూ పైకి చదవాలి. మనసులో చదివితే అన్నీ పడతాయి. పైకి చదివేటప్పుడు ఎక్కడ ఇరుకుందో నోరే చెబుతుంది. 'పద్నాలుగు' కాస్తా 'పద్నాల్గు' అవుతుంది, 'పోయండి'లో దీర్ఘం కుంచించుకుపోయి 'పొయండి' అవుతుంది, కామా దగ్గర ఊపిరి లేకుండా దాటేస్తారు. తెలుగులో దీర్ఘం పోతే చాలాసార్లు మాటే మారిపోతుంది. 'పాలు', 'పలు' ఒకటి కావు. కాబట్టి ఇవి కనబడ్డ వాక్యాన్ని గొంతు ఇచ్చేవారి చేత మళ్లీ మళ్లీ చదివించి లాభం లేదు. ఆ వాక్యంలో ఇంకో మూడు నాలుగు అక్షరాలు తగ్గించాలి.

ఇన్ని చేసినా ఒకటి రెండు ముక్కలు అరసెకను ఎక్కువగానే ఉండిపోతాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్ సాయం తీసుకోవచ్చు. శబ్దాన్ని దిద్దే ఆడాసిటీ ప్రోగ్రాములో `Change Tempo` అన్న ఎఫెక్టు గొంతు స్వరం మారకుండా వేగం మాత్రం పెంచుతుంది. ఐదు శాతం వరకు ఎవరూ గుర్తుపట్టరు. పది శాతం దగ్గర 'ళ్ల', 'ర్చ', 'ట్ట' లాంటి అక్షరాలు అరిగిపోయినట్టు వినిపిస్తాయి, ముఖ్యంగా ఫోను స్పీకరులో. మొత్తం రికార్డింగుకు కాకుండా, ఇరుకైన ఆ ఒక్క ముక్కకే వాడాలి. ffmpeg అనే ప్రోగ్రాముతో ఒక ఫైలుకు చేయాలంటే ఇలా:

```
ffmpeg -i mukka12.wav -filter:a atempo=1.05 mukka12b.wav
```

బొమ్మను మార్చే అనుమతి ఉంటే అటునుంచి కూడా రావచ్చు. కదలిక ఆగిపోయిన చోట చివరి ఫ్రేమును ఇంకో సెకను నిలబెడితే చూసేవాళ్లకు తెలియదు. దానికి వీడియోను ఆ చోట రెండు ముక్కలు చేసి, మొదటి ముక్కకు ffmpegలోని `tpad=stop_mode=clone:stop_duration=1` అన్న ఫిల్టరు పెట్టి, మళ్లీ కలిపితే సరిపోతుంది. అయితే ఫ్రేము నిలబెట్టిన ప్రతిసారీ దాని తర్వాతి టైమ్‌కోడ్‌లన్నీ అంత మేర జరపాలి. వీడియోలో సంగీతం, ఇంగ్లీషు గొంతు ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటే నిలబెట్టిన చోట సంగీతం తెగుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే గొంతు లేని సంగీతం ట్రాకు ఉందేమో వీడియో హక్కుదారును అడగాలి. అది దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది.

చివరగా అసలు పరీక్ష ఊళ్లో జరగాలి. వీడియో ఒకసారి వేసి, ఆపేసి, ఒక తల్లిని మూడు ప్రశ్నలు అడగాలి: నీళ్లు ఎన్ని, పొడి ఎంత, మాత్ర ఎన్ని రోజులు. మొదటి రెండూ చెప్పి మూడోది తడబడితే తప్పు ఆమెది కాదు. నాలుగో వాక్యానికి ఆరు సెకన్లు కూడా చాలలేదన్నమాట. మూడో వాక్యం చివర, 4.2 సెకన్ల తర్వాత, ఇంకా 1.4 సెకన్లు ఖాళీగా ఉన్నాయి, ఆపైన సంగీతం మీద కూడా 1.6 ఉన్నాయి. నాలుగో వాక్యాన్ని ఇంకో సెకను ముందుకు జరిపి, 'రోజుకొకటి' తర్వాత ఆ సెకను మౌనంగా వదిలి, ఆ తర్వాత 'పది నుంచి పద్నాలుగు రోజులు' అనిపిస్తే ఆ అంకె విడిగా చెవిన పడుతుంది.